కాలువ అవతలి నెట్ కనెక్షన్ల వాళ్లందరికీ: ఎందుకు పోయింది, ఎప్పుడొస్తుంది, ఎన్ని రోజులు కలుపుతున్నాం

బుధవారం, ఉదయం 6 గంటలు

కాలువ అవతల మా నెట్ వాడుతున్న 612 ఇళ్ల వాళ్లకూ షాపుల వాళ్లకూ నమస్కారం.

నిన్న రాత్రి 8 గంటలకల్లా నెట్ వచ్చేస్తుందని వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. వచ్చింది కొందరికే. మిగతావాళ్లు పదకొండు దాకా ఫోన్లు చేస్తూనే ఉన్నారు. టీచర్స్ కాలనీ మాస్టారొకరు ఫోన్ చేసి, "అబ్బాయ్, నువ్వు చెప్పిన ఎనిమిది గంటలు ఏ దేశం టైమయ్యా?" అని అడిగారు. అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముందు మీకు కావలసింది టైము కాబట్టి అదే చెబుతాను, కారణం తర్వాత.

పాత బస్టాండ్ వెనక వీధులు, శివాలయం వీధి: మీ నాలుగు లైన్లూ నిన్న రాత్రి 7:15కే వచ్చాయి. 221 ఇళ్లు.

టీచర్స్ కాలనీ, మసీదు సెంటర్, ఎల్‌ఐసీ ఆఫీసు రోడ్డు, పాలకేంద్రం వీధి: ఇవి ఐదు లైన్లు, 283 ఇళ్లు. ఈరోజు మధ్యాహ్నం 1 గంటకు వస్తాయి. ఒక్కో లైను పూర్తవుతున్న కొద్దీ ఒక్కొక్కటి వెలుగుతుంది కాబట్టి పదిన్నర నుంచే కొందరికి రావచ్చు.

రైస్ మిల్లు వెనక కొత్త ప్లాట్లు, సాయి నగర్: రెండు లైన్లు, 108 ఇళ్లు. మీకు మాత్రం రేపు, గురువారం ఉదయం 11 గంటలకు. కొత్త కేబుల్ డ్రమ్ము విజయవాడ నుంచి ఈ సాయంత్రం ట్రాన్స్‌పోర్టులో రావాలి. అది రాత్రికి చేరకపోతే ఈ 11 గంటలు కాస్తా మధ్యాహ్నం 3 అవుతుంది. డ్రమ్ము వచ్చిందో లేదో ఈ రాత్రి 9 గంటలకు గ్రూపులో చెబుతాను.

ఇక కారణం. నిన్న ఉదయం 11:40కి కాలువ కల్వర్టుకు ఇవతల డ్రైనేజీ కోసం తవ్వుతున్న జేసీబీ మా మెయిన్ కేబుల్‌ను పట్టేసింది. ఇది చాలామందికి నిన్ననే తెలుసు. తెలియనిది ఏమిటంటే, జేసీబీ కేబుల్‌ను కత్తిరించలేదు, లాగింది. మొత్తం గొడవంతా ఈ తేడాలోనే ఉంది.

మా కేబుల్‌లో 24 కోర్లు ఉంటాయి. కోరు అంటే గాజు పోగు. పైపూత తీసేస్తే దాని మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు నడిచేది దాని నడిమధ్యన, మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేని సన్నని దారిలో. ఒక్కో కోరు మీద, స్ప్లిటర్ బాక్సుల దగ్గర చీల్చుకుంటూ పోయి, 64 ఇళ్ల దాకా ఇవ్వొచ్చు. కాలువ అవతలికి మేం 11 కోర్లు వాడుతున్నాం, 13 ఖాళీగా ఉన్నాయి. మీరు లైను అనేది ఆ కోరునే.

ఇంతకుముందు కత్తితో ఎవరో కోసినప్పుడో, ఎలుక కొరికినప్పుడో కేబుల్ ఒకచోటే తెగేది. అక్కడ అతికిస్తే అయిపోయేది. జేసీబీ పన్ను మాత్రం కేబుల్‌ను పట్టి పైకి ఎత్తేస్తుంది. కేబుల్ సాగుతుంది, తనకు అటూ ఇటూ ఎక్కడ గట్టిగా బిగించి ఉందో అక్కడిదాకా ఆ లాగుడు పోతుంది. మా కేబుల్ గట్టిగా బిగించి ఉన్నది కల్వర్టు అవతలి జాయింట్ బాక్సులో. గుంతలో కేబుల్ తెగే లోపే ఆ బాక్సులో గాజు పోగులు పుటుక్కుమన్నాయి. పైనుంచి చూస్తే బాక్సు చెక్కుచెదరలేదు, మూత కూడా ఊడలేదు.

మేం చేసిన తప్పు ఇక్కడే ఉంది. కేబుల్ ఎక్కడ తెగిందో చెప్పే మిషన్ ఒకటి ఉంటుంది, ఓటీడీఆర్ అంటాం. కోరులోకి వెలుగును చిన్న దెబ్బగా పంపి, అది తిరిగి రావడానికి పట్టిన టైమును బట్టి దూరం చెబుతుంది. నిన్న 12:10కి కంట్రోల్ రూమ్ నుంచి పెడితే 2,870 మీటర్లు చూపించింది. బండి మీద వెళ్తే మీటర్‌లో 2.6 కిలోమీటర్లే. ఆ తేడా మామూలే, దారిలో అక్కడక్కడా మేం కేబుల్‌ను చుట్టలుగా వదిలిపెడతాం, అవి రోడ్డు లెక్కలో రావు. చుట్టలు తీసేస్తే 2,870 సరిగ్గా గుంత దగ్గరికే వచ్చింది. గుంత కళ్లెదురుగా కనపడుతోంది, మిషన్ అదే చెబుతోంది, ఇంకేం కావాలి అనుకున్నాం.

ఓటీడీఆర్ మొదటి తెగుడు వరకే చూడగలదు. దాని అవతల అంతా చీకటి. అందుకే రెండో చివర నుంచి కూడా పెట్టి చూడాలి. ఈ పనిలో పాతికేళ్లుగా ఉన్నాను, ఇది నాకు తెలియక కాదు. కంట్రోల్ రూమ్ నుంచి టీచర్స్ కాలనీ స్ప్లిటర్ వరకు కేబుల్ మొత్తం 4,210 మీటర్లని మా పుస్తకంలో రాసి ఉంది. అందులో 2,870 తీసేస్తే, అవతలి చివర నుంచి 1,340 చూపించాలి. నిన్న రాత్రి 7:30కి, గుంతలో అతుకులన్నీ అయ్యాక కూడా ఏడు లైన్లు వెలగకపోతే, అప్పుడు వెళ్లి పెట్టాం. 1,155 చూపించింది. 185 మీటర్లు తక్కువ! గుంత నుంచి కల్వర్టు అవతలి జాయింట్ బాక్సుకు దూరం అదే. ఇదే పని మధ్యాహ్నం ఒంటిగంటకు చేసి ఉంటే, మీకు ఎనిమిది గంటలని చెప్పేవాణ్ణి కాదు, డ్రమ్ముకు కూడా నిన్ననే ఆర్డర్ పెట్టేవాణ్ణి. రైస్ మిల్లు వైపు వాళ్లకు పోతున్న మూడో రోజు కాంట్రాక్టరు వల్ల పోతున్నది కాదు, నా వల్ల.

"పక్కింట్లో వచ్చింది, మాకెందుకు రాలేదు, వాళ్లు ఎక్కువ డబ్బులు కడుతున్నారా?" అని నిన్న రాత్రి కనీసం పదిమంది అడిగారు. జాయింట్ బాక్సులో 24 పోగుల్లో 15 తెగాయి, 9 మిగిలాయి. మిగిలిన తొమ్మిదిలో నాలుగు మనం వాడుతున్నవి, అవే గుంతలో అతకగానే వెలిగాయి. ఏది తెగుతుంది ఏది మిగులుతుంది అనేది పోగు బాక్సులో ఎలా చుట్టి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. 1,500 ప్లాను వాళ్లు ముగ్గురు ఇప్పటికీ చీకట్లోనే ఉన్నారు.

మిగిలిన ఐదూ ఖాళీ కోర్లు. ఈరోజు మధ్యాహ్నం ఒంటిగంట అని నేను ధైర్యంగా చెబుతున్నది వాటిని చూసుకునే. టీచర్స్ కాలనీ వైపు ఐదు లైన్లను తెగిన కోర్ల మీద నుంచి తీసి ఈ ఐదింటి మీదికి మార్చేస్తాం. ఈ ఐదూ గుంత దాకా బాగున్నాయని రాత్రే అవతలి చివర నుంచి ఒక్కొక్కటిగా చూశాం, ఐదింటికీ 1,340 వచ్చింది. కంట్రోల్ రూమ్‌లో వైరు మార్చడం రెండు నిమిషాల పని. గుంత దగ్గర మాత్రం అటూ ఇటూ కలిపి పది అతుకులు, అవతల స్ప్లిటర్ల దగ్గర ఐదు.

పదిహేను అతుకులకు ఇంతసేపా అంటారేమో. అతుకంటే టేపు చుట్టడం కాదు. పోగు మీది రంగు పూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కట్టరుతో దాని చివరను అద్దంలా నిటారుగా విరగ్గొట్టాలి. అలా రెండు చివరలూ మిషన్‌లో పెడితే తెర మీద రెండు దూలాల్లా పెద్దగా కనపడతాయి. వాటిని అది ఎదురెదురుగా తెచ్చి, చిన్న మెరుపు మెరిపించి కరిగించి కలుపుతుంది. తర్వాత దాని మీదికి చిన్న గొట్టం జరిపి, వేడి చేసి బిగించాలి. అంతా సరిగ్గా ఉంటే ఒక్కోటి ఐదు నిమిషాలు. చివర కొంచెం వంకరగా విరిగినా, దుమ్ము రేణువు పడ్డా మళ్లీ మొదటికి. నిన్న రాత్రి తొమ్మిదికి చినుకులు మొదలైతే ట్రాలీ ఆటోలో టార్పాలిన్ కింద కూర్చుని చేశారు మా కుర్రాళ్లిద్దరూ. గాలికి టార్పాలిన్ కొట్టుకుని ఒకే అతుకు నాలుగుసార్లు చెయ్యాల్సి వచ్చింది. పన్నెండింటికి నేనే ఆపేయమన్నాను. చేతులు వణుకుతున్నప్పుడు వేసిన అతుకు నెల తర్వాత మళ్లీ నన్నే పిలుస్తుంది.

సాయి నగర్, రైస్ మిల్లు వాళ్ల రెండు లైన్లకు మార్చడానికి ఖాళీ కోర్లు లేవు. జాయింట్ బాక్సులోనే తెగినవి కదా, అక్కడే అతికించొచ్చుగా అని మా కుర్రాడే అడిగాడు. ఒకటి రెండు ప్రయత్నించాం. బాక్సులోకి వచ్చే కేబుల్ సాగిపోయి ఉంది, లోపల వదిలిన పోగు కూడా వెనక్కి లాక్కుపోయింది, అతకడానికి పొడవు చాలడం లేదు. పైగా ఆ 185 మీటర్లలో ఇంకెక్కడ నలిగిందో తెలియదు. నలిగిన పోగు ఈరోజు పనిచేసి, వచ్చే వర్షాకాలంలో ఆగిపోతుంది. కాబట్టి గుంతకు వెనక నుంచి కల్వర్టు దాటేవరకు 300 మీటర్లు కొత్త కేబుల్ లాగుతున్నాం. మా దగ్గర ఉన్నది 60 మీటర్ల ముక్కే, అది నిన్న గుంతలో అయిపోయింది.

తప్పు ఎవరిదని అందరూ అడుగుతున్నారు. తవ్వేముందు కింద ఎవరి కేబుల్ ఉందో తెలుసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యు డిగ్" అనే యాప్ తెచ్చింది. కాంట్రాక్టరు అందులో పెట్టలేదు. పెట్టినా ఉపయోగం ఉండేది కాదు, మా కేబుల్ ఎక్కడుందో మేమూ అందులో నమోదు చెయ్యలేదు. ఇంకోటి. పెద్ద కంపెనీలు ఐదడుగుల లోతున వేస్తాయి, మాది అడుగున్నర లోతులో ఉన్న పైపు. జేసీబీ డ్రైవరు మీద అరిచాను కానీ, అడుగున్నరలో కేబుల్ ఉంటుందని అతను మాత్రం ఎలా అనుకుంటాడు?

రెండేళ్ల క్రితం మీ అందరికీ బ్యాకప్ లైను వేశామని గొప్పగా చెప్పాను. అది కూడా నిన్నే పోయింది. ఊళ్లో అంతా వేరే వీధుల మీదుగానే వేశాం, కానీ కాలువ దాటడానికి ఉన్నది ఆ ఒక్క కల్వర్టే అని, దాన్నీ అదే పైపులో తోసేశాం. రెండు కేబుళ్లు ఒకే పైపులో ఉంటే అది బ్యాకప్ కాదు. మార్కెట్ యార్డు వైపు పాత వంతెన మీదుగా, కరెంటు స్తంభాల మీద, రెండో దారి వెయ్యాలి. స్తంభాలకు అనుమతి తీసుకోవాలి, అద్దె కట్టాలి. అర్జీ ఈ శనివారం లోపు ఇస్తాను, దాని నకలు గ్రూపులో పెడతాను. అనుమతి చేతికి రాకుండా ఎప్పటికల్లా వేస్తానో చెప్పను, ఇప్పటికే ఒక టైము చెప్పి మాట పోగొట్టుకున్నాను.

ఇప్పుడు మీకు కలిపే రోజుల లెక్క.

ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యత నిబంధనల్లో, జిల్లా మొత్తం మీద నెట్‌వర్క్ 24 గంటలకు మించి ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు బిల్లు తగ్గించాలనీ, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పెంచాలనీ ఉంది. అందులో ఒక తేదీన 12 గంటలకు మించి ఆగితే రోజంతా ఆగినట్టే లెక్క. మన 612 ఇళ్లు ఆ నిబంధన కిందికి వస్తాయని నేననడం లేదు, ఆ 12 గంటల కొలత న్యాయంగా ఉందని తీసుకున్నాను. మంగళవారం 11:40 నుంచి అర్ధరాత్రి వరకు 12 గంటల 20 నిమిషాలు, అంటే ఒక రోజు. బుధవారం మధ్యాహ్నం 1 వరకు 13 గంటలు, ఇంకో రోజు.

కాబట్టి టీచర్స్ కాలనీ వైపు ఐదు లైన్లకు రెండు రోజులు. శివాలయం వీధి, పాత బస్టాండ్ వెనక వాళ్లకు ఏడున్నర గంటలే పోయింది, కొలత ప్రకారం ఏమీ రాదు, అయినా పగలంతా పోయింది కాబట్టి ఒక రోజు ఇస్తున్నాం. సాయి నగర్, రైస్ మిల్లు వాళ్లకు గురువారం 11 గంటలే అయినా పూర్తి రోజుగా లెక్కేసి మూడు రోజులు, నా తప్పు వల్ల జరిగిన ఆలస్యానికి ఇంకో రెండు, మొత్తం ఐదు. ఆ రెండు రోజులు పై కంపెనీ ఇవ్వదు, నా కమీషన్‌లోంచి పోతుంది.

జీఎస్టీతో కలిపి నెలకు 589 కట్టేవాళ్లకు ఇది రోజుకు 20 రూపాయల లోపే. ఐదు రోజులంటే 98 రూపాయలు. సాయి నగర్‌లో ఇంటి నుంచి ఉద్యోగం చేసే అమ్మాయి నిన్న సెలవు పెట్టాల్సి వచ్చింది, మీ సేవ సెంటర్‌లో జనాన్ని వెనక్కి పంపారు. 98 రూపాయలు దానికి సరిపోదని నాకు తెలుసు. ఫోన్‌లో డేటా వేయించుకున్న డబ్బులు ఇవ్వమని కొందరు అడిగారు, అది నా వల్ల కాదు. కాంట్రాక్టరు నుంచి ఇంతవరకు రూపాయి రాలేదు, వస్తే కేబుల్ ఖర్చుకే పోతుంది. రేపటి వరకు అత్యవసరమైన పనున్నవాళ్లు ల్యాప్‌టాప్ తెచ్చుకుని మా ఆఫీసులో కూర్చోవచ్చు. అది కాలువ ఇవతల ఉంది కాబట్టి నెట్ ఉంది. నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను. ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు తెరిచే ఉంచుతాం.

రోజుల కోసం ఎవరూ కంప్లయింట్ పెట్టక్కర్లేదు. ఏ ఇంటి బాక్సుకు ఏ నిమిషంలో వెలుగు ఆగిందో కంట్రోల్ రూమ్‌లో రికార్డు ఉంటుంది. కరెంటు పోయి ఆగిందా, లైను పోయి ఆగిందా అన్నది కూడా వేరుగా పడుతుంది. ఇంట్లో లేక బాక్సు ఆపేసుకున్నవాళ్లకు కూడా లైను లెక్కన రోజులు కలుస్తాయి. శనివారం సాయంత్రానికి మీ యాప్‌లో గడువు తేదీ మారి ఉండాలి. మారకపోతే అప్పుడు చెప్పండి.

మంగళ, బుధ, గురువారాల్లో ప్లాను అయిపోయినవాళ్లు ఉన్నారు, మా లెక్క ప్రకారం 37 మంది. మీ బాక్సులో పచ్చ లైటు వచ్చినా నెట్ రాకపోవచ్చు, అది లైను బాగోలేక కాదు, గడువు అయిపోయి. రీఛార్జి చెయ్యకండి, ముందు మీ రోజులు మేం కలుపుతాం, అవి అయ్యాక చేసుకోండి.

చివరగా ఒక మాట, కొంచెం గట్టిగానే చెబుతాను. బాక్సు వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో నొక్కే రీసెట్ ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. నిన్న పద్నాలుగు మంది నొక్కారు. నొక్కితే లోపల మేం పెట్టిన యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. లైను వచ్చినా మీకు రాదు, కుర్రాడు మీ ఇంటికి రావాల్సిందే. ఎర్ర లైటు, దాని పక్కన LOS అని ఉంటుంది, అది మిణుకుమిణుకుమంటే వెలుగు రావడం లేదని అర్థం, మీరు ఏం నొక్కినా రాదు. అది ఆరిపోయి PON అన్నది నిలకడగా పచ్చగా ఉంటే లైను వచ్చినట్టే. అప్పటికీ నెట్ లేకపోతే స్విచ్ ఆపి ఐదు నిమిషాలయ్యాక వెయ్యండి. మీ వీధికి నేను చెప్పిన టైము దాటి అరగంటైనా ఎర్ర లైటు పోకపోతే, ముందు బాక్సులోకి వచ్చే పసుపు వైరు ఎక్కడైనా మడతపడిందేమో చూడండి. నిన్న చాలామంది పీకి పెట్టారు. బాగుంటే ఫోన్ చేయండి.

ఇంకొకటి మిగిలింది. కొత్త కేబుల్ పడ్డాక లైన్లన్నీ మళ్లీ వాటి సొంత కోర్ల మీదికి మార్చాలి. దానికోసం గురువారం అర్ధరాత్రి దాటాక, అంటే శుక్రవారం తెల్లవారుజామున 1 నుంచి 5 మధ్య, 11 లైన్లూ ఒక్కొక్కటిగా ఇరవై నిమిషాలు ఆగుతాయి. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు మీ వీధి పేరు గ్రూపులో పెట్టండి, మీ లైను ఏ టైముకు మార్చితే ఇబ్బంది ఉండదో చూసుకుని చేస్తాం.

ఇట్లు,
మీ నెట్ ఆపరేటర్